మిర్యాలగూడ రైస్‌మిల్లు సంస్థలో ఈమెయిల్ సంతకాల సవరణ: ఒక కేస్ స్టడీ

మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ ఆడించి ఇతర రాష్ట్రాలకూ గల్ఫ్ దేశాలకూ పంపే ఒక భాగస్వామ్య సంస్థ నన్ను పిలిపించడానికి కారణం ఒక ఫోన్ కాల్. షార్జాలోని కొనుగోలుదారు ఒకరు, ఎగుమతి పత్రాలు చూసే ఉద్యోగిని పంపిన ఈమెయిల్‌ను తన ఫోన్‌లో తెరిచి, అడుగున ఆమె పేరు కింద ఉన్న నంబరును వేలితో తాకారు. కాల్ ఎత్తింది ఆమె కాదు. రెండేళ్ళ కిందట ఆ సంస్థలో మానేసి, అదే ఊళ్ళో మరో మిల్లులో చేరిన వ్యక్తి ఎత్తారు. ఆయన మర్యాదగానే మాట్లాడి, ఆ సంస్థ రేటు సంగతి తనకు తెలియదనీ, తమ మిల్లులో మాత్రం సరుకు సిద్ధంగా ఉందనీ చెప్పారట. ఈ విషయం కొనుగోలుదారు నోటి నుంచే భాగస్వాముల చెవిన పడింది.

నేను నల్లగొండలో చిన్న సంస్థల ఈమెయిల్ ఖాతాలూ, షీట్లూ, రికార్డులూ చక్కదిద్దే పని చేస్తుంటాను. నాకు అప్పగించిన మాట చాలా చిన్నది: "అందరి ఈమెయిల్ కింద సంతకాలు ఒక తీరుగ చెయ్యి." సంస్థకు మిర్యాలగూడలో మిల్లు, నల్లగొండలో ఆఫీసు, మహబూబ్‌నగర్‌లో డిపో ఉన్నాయి. మొత్తం 38 ఖాతాలు, అన్నీ గూగుల్ వర్క్‌స్పేస్‌లో. రెండు రోజుల పని అనుకుని ఒప్పుకున్నాను గానీ, నాలుగు వారాలు పట్టింది.

కంటికి కనిపించే నంబరు, వేలికి తగిలే నంబరు

అందరినీ ఒక పరీక్ష ఈమెయిల్ పంపమని అడగడం సులువే గానీ, నేను ఆ పని చేయను. అడిగితే ప్రతివారూ తమ సంతకాన్ని ఒకసారి చూసుకుని, కంటికి కనబడిన తప్పును దిద్ది మరీ పంపుతారు. అప్పుడు నా చేతికి వచ్చేది బయటివాళ్ళకు రోజూ వెళ్తున్న సంతకం కాదు. అందుకని భాగస్వాముల అనుమతితో, ఒక్కొక్క ఖాతా నుంచి బయటికి వెళ్ళిన వాటిలో మూడేసి ఈమెయిళ్ళు తీసుకున్నాను. ఒకటి కొత్తగా రాసింది, ఒకటి జవాబుగా రాసింది, మూడోది ఫోన్ నుంచి పంపింది. ఒకే మనిషి సంతకం ఈ మూడింటిలో మూడు రకాలుగా ఉండడం మామూలు సంగతేనని ఈ పని చేసేవాళ్ళకు తెలుసు. జీమెయిల్‌లో కొత్త ఈమెయిల్‌కు ఒక సంతకం, జవాబులకు మరొకటి పెట్టుకోవచ్చు. ఫోన్ యాప్‌లో ఉండే `Mobile Signature` వీటితో సంబంధం లేని వేరే సెట్టింగు.

షార్జా వారికి వెళ్ళిన ఈమెయిల్‌లో కంటికి కనిపించే నంబరు ఆ ఉద్యోగినిదే. ఒక్క అంకె కూడా తప్పు లేదు. కానీ ఆ అక్షరాల వెనక ఉన్న లింకు మాత్రం పాత ఉద్యోగి నంబరుకు పోతోంది. ఆమె ఉద్యోగంలో చేరిన రోజున, అప్పటికింకా అక్కడే ఉన్న ఆ వ్యక్తి సంతకాన్ని కాపీ చేసి తన ఖాతాలో అతికించుకున్నారు. పేరు చెరిపి తన పేరు రాశారు, నంబరు అంకెలు చెరిపి తన అంకెలు రాశారు. అక్షరాలు మార్చినంత మాత్రాన వాటికి కట్టిన లింకు మారదు. లోపల ఉన్నది ఇలా ఉంది:

```
<a href="tel:+919xxxxxxxx1">+91 9xxxx xxxx7</a>
```

కంప్యూటర్ మీద చదివేవారు అంకెలు చూసి ఫోన్‌లో కొట్టుకుంటారు కాబట్టి వారికి ఏ ఇబ్బందీ రాదు. ఫోన్‌లో చదివేవారు నేరుగా తాకుతారు కాబట్టి వారికి పాత మనిషి పలుకుతాడు. సంస్థలో అందరూ కంప్యూటర్ల మీదే చదువుతున్నందువల్ల రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. నంబరు మీద మౌసు ఉంచితే కింది మూలలో లింకు కనబడుతుంది, ఫోన్‌లోనైతే వేలు నొక్కి పట్టుకుంటే కనబడుతుంది. ఎక్కువ ఖాతాలు ఉన్నప్పుడు జీమెయిల్‌లో `Show original` తెరిచి, అందులో `tel:` అనీ `mailto:` అనీ వెతకాలి. సంతకం ఉన్న భాగం, అక్షరాలను సంకేతాలుగా మార్చే బేస్64 రూపంలో ఉంటే అక్కడ ఆ పదాలు దొరకవు. అలాంటివాటికి నేను మౌసు పద్ధతినే వాడాను.

38 ఖాతాల్లో తొమ్మిదింటికి చూపే అంకె ఒకటి, వెనక లింకు మరొకటి. వాటిలో నాలుగు ఆ ఒక్క పాత ఉద్యోగి నంబరుకే పోతున్నాయి. ఆయన సంతకం అందంగా ఉండేదట, రంగు గీతా, చిన్న లోగోతో. అందుకే నలుగురూ దాన్నే ఎత్తుకున్నారు. రెండు సంతకాల్లో `mailto:` లింకు కూడా పాతదే. ఆ పాత చిరునామాను ఆయన వెళ్ళాక మూసేశారు గనుక, ఎవరైనా ఆ లింకును నొక్కి రాసిన ఉత్తరం తిరుగు టపాలో వెనక్కి వచ్చి ఉంటుంది.

ఫోన్ నంబర్లు

ఇక అసలు అంకెల దగ్గరికి వచ్చాం. నంబర్ల కోసం జీతాల గుమాస్తా దగ్గరున్న ఎక్సెల్ రిజిస్టరే ఆధారమని నాకు చెప్పారు. సంతకాల్లో ఉన్న నంబర్లను పక్కన పెట్టి ఆ రిజిస్టరును నమ్మితే పని అయిపోతుందని నేనూ అనుకున్నాను. తీరా చూస్తే సంతకాల కన్నా రిజిస్టరే ఎక్కువ పాడైంది.

మిర్యాలగూడ ఎస్‌టీడీ కోడ్ 08689, నల్లగొండది 08682, మహబూబ్‌నగర్‌ది 08542. ల్యాండ్‌లైన్ నంబరు ఆరు అంకెలు. కోడ్ ముందున్న సున్నాను ఎక్సెల్ గడిలో మామూలుగా కొడితే అది దాన్ని సంఖ్యగా తీసుకుని సున్నాను మింగేస్తుంది. మిగిలేది 86892xxxxx. అంటే సరిగ్గా పది అంకెలు, అదీ 8తో మొదలయ్యేవి. మన దేశంలో మొబైల్ నంబర్లు కూడా పది అంకెలే, 6 నుంచి 9 వరకు ఏ అంకెతోనైనా మొదలవుతాయి. హైదరాబాదు వారికి 040 పోయి 40 మిగిలితే అది మొబైల్ కాదని చూడగానే తెలిసిపోతుంది. మన జిల్లాల కోడ్‌లన్నీ 8తో మొదలవుతాయి కాబట్టి, సున్నా పోయిన ల్యాండ్‌లైనుకు మొబైల్ వేషం ఇట్టే కుదురుతుంది. ఈ సంస్థలో ఎవరో ఒకరు ఆ గడిని చూసి, మొబైలే అనుకుని, మొబైల్ రాసే తీరులోనే `86892 xxxxx` అని అయిదు అయిదుగా విడగొట్టారు. దాన్ని చూసి మరొకరు ఆ నంబరుకు వాట్సాప్‌లో ధరల పట్టిక పంపాలని ప్రయత్నించి, ఖాతా లేదని వచ్చిందని ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు వల్లే నాకు ఈ సంగతి తెలిసింది.

ఎక్సెల్ చేసిన రెండో పని ఇంకా విచిత్రమైనది. గడిలో మొదటి అక్షరం ప్లస్ గుర్తు అయితే ఎక్సెల్ దాన్ని లెక్కగా తీసుకుంటుంది. ఎవరైనా జాగ్రత్తపరులు ప్లస్ పెట్టి, మధ్యలో అడ్డగీతలు పెట్టి నంబరు కొడితే అది తీసివేతలు చేసి జవాబు చూపిస్తుంది. కల్పిత నంబరుతో చూపాలంటే ఇలా ఉంటుంది:

```
+91-8682-200000   →   -208591
```

రిజిస్టరులో ఇటువంటి రుణ సంఖ్యలు మూడు ఉన్నాయి. గుమాస్తా వాటిని ఏదో బకాయి అనుకున్నానని చెప్పారు. వీటిలో భయపడాల్సింది లేదు. గడిని నొక్కి ఫార్ములా పట్టీ చూస్తే అసలు అంకెలు అక్కడే ఉంటాయి. భయపడాల్సింది మూడో రకానికి. ప్లస్ పెట్టి ఖాళీలు లేకుండా పన్నెండు అంకెలూ కొడితే ఎక్సెల్ దాన్ని `9.19848E+11` వంటి రూపంలో చూపుతుంది. ఫైల్ ఎక్సెల్ రూపంలో ఉన్నంతవరకు లోపల పూర్తి సంఖ్య భద్రంగానే ఉంటుంది. కానీ అదే స్థితిలో దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెరమీద కనిపించే రూపమే ఫైల్‌లోకి వెళ్తుంది, చివరి ఆరు అంకెలు శాశ్వతంగా పోతాయి. డిపో నుంచి వచ్చిన జాబితా సీఎస్‌వీ. అందులో ఏడుగురి నంబర్లు ఇలా తుడిచిపెట్టుకుపోయాయి. వాటికి మరో మార్గం లేదు, మనిషిని అడిగి రాసుకోవడమే.

సంతకాల్లో ఉన్న రూపాలు వేరే సంత. నంబరు ముందు `0091`, `+91 (0)8689`, `91-`, కేవలం ఆరు అంకెలు, `2xxx45/46` వంటి జంట నంబర్లు, చివర `Extn 21` వంటివి. కొన్ని మొబైళ్ళ ముందు సున్నా కూడా ఉంది. దాని వెనక కారణం ఉంది: 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టడం తప్పనిసరి అయింది. ఆఫీసు ఫోన్ నుంచి రోజూ అలా కొట్టే అలవాటు ఉన్నవారు సున్నాను నంబరులో భాగంగానే రాసేసుకున్నారు. `+91 (0)8689` అన్నది మాత్రం పెద్దమనిషి తరహా తప్పు. చదివేవారికి రెండు విధాలుగానూ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో రాస్తారు. చాలా ఫోన్ యాప్‌లు బ్రాకెట్‌ను పట్టించుకోకుండా సున్నాతో కలిపి డయల్ చేస్తాయి కనుక, విదేశాల నుంచి అది కలవదు. నంబర్లు రాసే పద్ధతి గురించి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమైన ఐటీయూ వారి ఇ.123 సిఫార్సు ఉంది. అంతర్జాతీయ రూపంలో ఈ బ్రాకెట్ సున్నా ఉండకూడదనే అది చెబుతుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. మొదటి రోజు తొందరలో, నంబరు మొదట్లో 91 ఉంటే తీసేయమని షీట్‌లో ఒక సూత్రం రాసి వరస మొత్తానికి లాగేశాను. అసలు మొబైల్ నంబరే 91తో మొదలయ్యేవారు ఇద్దరు ఉన్నారు. వారి నంబర్లు ఎనిమిది అంకెలకు కుదించుకుపోయాయి. ముందు నుంచి నరకడం మానేసి వెనక నుంచి లెక్కపెట్టాలి. దేశం లోపలి నంబరు, అది ల్యాండ్‌లైన్ అయినా మొబైల్ అయినా, ముందు సున్నా లేకుండా చూస్తే పది అంకెలే గనుక, అంకెలు కానివన్నీ తీసేసి చివరి పదింటిని తీసుకుంటే సరిపోతుంది. గూగుల్ షీట్స్‌లో రెండు వరసలు పెట్టాను, ఒకటి మొత్తం అంకెల లెక్క, రెండోది చివరి పది:

```
=LEN(REGEXREPLACE(TO_TEXT(A2),"\D",""))
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(A2),"\D",""),10)
```

`TO_TEXT` లేకపోతే గడిలో సంఖ్య ఉన్నచోట సూత్రం లోపం చూపిస్తుంది. మొదటి వరస ఎందుకంటే, రెండోదాన్ని గుడ్డిగా నమ్మకూడదు. లెక్క 10 వచ్చినా, ముందు సున్నాతో 11 వచ్చినా, 91తో 12 వచ్చినా, 910తో 13 వచ్చినా, 0091తో 14 వచ్చినా చివరి పది సరైనవే. ఎక్స్‌టెన్షన్ ఉన్న నంబరులో చివరి పదిలోకి ఆ 21 కూడా చొరబడి, ముందున్న రెండు అంకెలను బయటికి తోసేస్తుంది. జంట నంబరులో 46 కూడా అంతే. ఇంకా చిక్కు ఏమిటంటే, సున్నా లేని ల్యాండ్‌లైనుకు రెండంకెల ఎక్స్‌టెన్షన్ చేరితే మొత్తం 12 అవుతుంది, పైకి సవ్యంగానే కనబడుతుంది. అందుకే లెక్క 12 అయితే అది 91తో మొదలవుతోందా అని కూడా చూడాలి. ఈ జల్లెడలో ఆగినవాటిని నేను చేత్తోనే దిద్దాను, పద్నాలుగు ఉన్నాయి.

చివరి పది వచ్చాక అది ల్యాండ్‌లైనా, మొబైలా అన్నది అంకెలను బట్టి తేల్చలేదు. సంస్థకు ఉన్న ల్యాండ్‌లైన్ల బిల్లులు తెప్పించుకుని వాటితో సరిపోల్చాను. అప్పుడు బయటపడ్డది మరొకటి: సంతకాల్లో తిరుగుతున్న అయిదు ల్యాండ్‌లైన్లలో రెండింటికి బిల్లే రావడం లేదు. ఫోన్ చేసి చూస్తే మూగగా ఉన్నాయి. కనెక్షన్ ఎప్పుడో వెనక్కి ఇచ్చేశారు. నంబరు రూపం ఎంత చక్కగా దిద్దినా, మోగని ఫోన్‌ను ఏం చేయగలం? ఆ తరవాత ప్రతి నంబరుకూ నేనే ఒకసారి ఫోన్ చేసి, ఎత్తినవారు పేరు చెప్పాకే దానికి ఎదురుగా సరి అని రాశాను. ఈ ఒక్క పనికి రెండు పూటలు పట్టింది, మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే.

చివరికి ఖాయం చేసిన రూపం ఇది. మొబైల్ `+91 9xxxx xxxxx`, మనం నోటితో చెప్పుకునే అయిదు అయిదు విడుపుతోనే. ల్యాండ్‌లైన్ `+91 8689 2xxxxx`. మధ్యలో ఖాళీలు మాత్రమే, అడ్డగీతలూ బ్రాకెట్లూ చుక్కలూ లేవు. వెనక లింకులో ఖాళీలు కూడా లేకుండా `tel:+918689...` అని ఉంటుంది, ఎందుకంటే ఆ లింకు వ్యాకరణం ఖాళీలను ఒప్పుకోదు. ల్యాండ్‌లైనుకు ముందు సున్నా లేదేమని పెద్ద భాగస్వామి పట్టుబట్టారు. ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి కొట్టేవారు సున్నా పెట్టుకోవాలనీ, మొబైల్ నుంచైతే ప్లస్‌తో ఉన్నది ఉన్నట్టు కలుస్తుందనీ ఆయన ఫోన్‌తోనే చేసి చూపించాక ఒప్పుకున్నారు.

హోదాలు

హోదాల పట్టిక తీసి, ఒకే రకంగా ఉన్నవాటిని ఒకచోట చేర్చి చూస్తే, 38 మందికి 31 రకాల హోదాలు తేలాయి. వాటిలో కొన్ని అక్షర దోషాలు మాత్రమే. ముగ్గురు `Manager` బదులు `Manger` అని రాసుకున్నారు. అక్షర దోషాలు పట్టే సాధనం దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఇంగ్లిషులో అది కూడా మాటే, పశువుల మేత తొట్టి అని అర్థం. ఇలాంటివి పట్టుకోవడానికి హోదాలను విడివిడి జాబితాగా తీసి, ఒక్కొక్కదాన్నీ కంటితో చదవడమే దారి.

మిగతావి దోషాలు కావు, నిర్ణయాలు. బియ్యం కొనుగోళ్ళు చూసే వ్యక్తికి నియామక ఉత్తర్వులో ఉన్నది పర్చేజ్ ఆఫీసర్. సంతకంలో ఉన్నది జనరల్ మేనేజర్. ఆయనను అడిగితే దాపరికం లేకుండా చెప్పారు.

"సార్, ఆఫీసర్ అని ఉంటే అవతలోళ్ళు ఫోన్ ఎత్తరు. మేనేజర్ అంటెనే మాట్లాడతరు. జీతం పెంచమంటలేను గదా, పేరే గదా!"

ఆయన మాటలో నిజం లేకపోలేదు. కానీ అదే సంతకంతో ఆయన ఒక కొనుగోలుదారుకు ధర తగ్గిస్తానని రాసిన ఈమెయిల్ కూడా నా ముందున్న మూడింటిలో ఒకటి. అలా తగ్గించే అధికారం ఆయనకు లేదు. సంస్థ వకీలును సంప్రదిస్తే ఆయన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 237వ సెక్షన్ చూపించారు. ఏజెంటుకు అధికారం ఉందని అవతలివారు నమ్మేలా యజమాని తన మాటతో గానీ నడవడితో గానీ చేస్తే, ఆ ఏజెంటు అధికారం మించి చేసినదానికి కూడా యజమాని కట్టుబడాలని దాని సారాంశం. ఆ పెద్ద హోదా సంస్థ డొమైను నుంచే ఏళ్ళ తరబడి వెళ్తున్నప్పుడు, మాకు తెలియదని చెప్పుకోవడం కష్టమని ఆయన అభిప్రాయం.

పెద్ద భాగస్వామి చిన్న కుమారుడి సంగతి ఇంకొంచెం సున్నితమైనది. మిల్లు వ్యవహారమంతా ఆ అబ్బాయే చూస్తాడు, కానీ భాగస్వామ్య పత్రంలో అతని పేరు లేదు. సంతకంలో మేనేజింగ్ పార్ట్‌నర్ అని ఉంది. బయటివాడిని నేను ఈ మాట ఎలా ఎత్తాలి? వకీలే నన్ను ఆదుకున్నారు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలో 28వ సెక్షన్ ప్రకారం, భాగస్వామినని తనను తాను చెప్పుకున్న వ్యక్తి, ఆ మాట నమ్మి సంస్థకు అప్పిచ్చినవారికి భాగస్వామి లాగే బాధ్యుడవుతాడని ఆయన విడమరిచి చెప్పారు. అధికారం రాకుండానే బాధ్యత మాత్రం నెత్తిన పడుతుందని విన్నాక ఆ అబ్బాయి తానే ఆ మాట తీసేయమన్నాడు. పెద్దాయన నవ్వి, "పత్రంల రాయించుకుందాం తియ్, అప్పటిదాంక ఆగు బిడ్డా," అన్నారు. ఇప్పుడు ఆ అబ్బాయి సంతకంలో ఆపరేషన్స్ హెడ్ అని ఉంది.

తప్పు హోదా అంటే అందరూ పెంచుకున్నదే అనుకుంటారు. ఇక్కడ తగ్గి ఉన్నవి ఆరు కనిపించాయి. నల్లగొండ ఆఫీసులో ఒక ఆమెకు మూడేళ్ళ కిందటే సీనియర్ అకౌంటెంట్‌గా ఉత్తర్వు ఇచ్చారు, సంతకంలో ఇంకా జూనియర్ అకౌంటెంట్ అనే ఉంది. ఎందుకు మార్చుకోలేదమ్మా అని అడిగితే, ఎవరూ మార్చమని చెప్పలేదు సార్ అన్నారు. బ్యాంకు వారు ఆమె ఈమెయిల్‌కు ఎప్పుడూ పై అధికారిని జత చేసి జవాబు ఇస్తున్నారనీ, అదెందుకో తనకు ఇప్పుడు అర్థమవుతోందనీ కూడా అన్నారు.

రిజిస్టరులో హోదాకు రెండు వరసలు పెట్టించాను. ఒకటి ఉత్తర్వులో ఉన్నది, అది మారాలంటే కొత్త ఉత్తర్వు రావాలి. రెండోది బయటివారికి చూపేది, అది ఖాళీగా ఉంటే మొదటిదే సంతకంలోకి వెళ్తుంది. మార్కెట్‌లో తిరిగేవారికి ఫోన్ ఎత్తించే మాట ఒకటి కావాలి గనుక ఈ రెండో వరసను ఒప్పుకున్నాను. పర్చేజ్ ఆఫీసర్ ఇప్పుడు మేనేజర్, పర్చేజ్ అని రాసుకోవచ్చు. అయితే పార్ట్‌నర్, డైరెక్టర్, జనరల్ మేనేజర్, ఆథరైజ్డ్ సిగ్నేటరీ అన్న నాలుగు మాటలు ఆ వరసలోకి రావాలంటే భాగస్వాముల లిఖితపూర్వక ఆమోదం ఉండాలి. భాగస్వామ్య సంస్థలో డైరెక్టర్ అనే పదవే లేదు. అది కంపెనీలకు చెందిన మాట. అయినా ఇద్దరు రాసుకున్నారు.

కామాలు, చుక్కలు

ఇవి చూడడానికి చిల్లర తప్పులే, కానీ ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే రెండు జాతులు. మొదటిది టైప్ ఇన్‌స్టిట్యూట్ జాతి. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైన పాతతరం వారు చిరునామాలో ప్రతి వరస చివర కామా, ఆఖరి వరసకు చుక్క పెడతారు. వారు నేర్చుకున్న పద్ధతిలో అది తప్పు కాదు. కానీ ఆఖరి వరస తీసేసినప్పుడు దాని పైవరస కామా గాలిలో వేలాడుతుంది. `Nalgonda,` అని ముగిసే సంతకాలన్నీ ఇలా పుట్టినవే. అన్ని వరసల చివరా విరామ చిహ్నాలు తీసేయాలని నిర్ణయించాం.

రెండోది యంత్రం జాతి. గతంలో ఎవరో హోదా, విభాగం అనే రెండు గడుల మధ్య కామా పెట్టి ఒక నమూనా చేశారు. విభాగం లేనివారికి హోదా తరవాత కామా, దాని తరవాత ఏమీ లేదు. హోదా కూడా లేనివారికి వట్టి కామా ఒక్కటే ఒక వరసగా మిగిలింది. ఖాళీ గడిని వదిలేయమని రాస్తే చాలనుకున్నాను గానీ, కొన్ని గడులు నిజానికి ఖాళీ కావు. ఒకదానిలో స్పేస్ ఉంది. కొన్నింటిలో వాట్సాప్ నుంచీ, ఫోన్ కాంటాక్టుల నుంచీ కాపీ చేసిన అంకెలతో పాటు కంటికి కనబడని గుర్తులు కూడా వచ్చాయి. ముఖ్యంగా `U+202A`, `U+202C` అనే రాత దిశను సూచించే గుర్తులు. గడిలో కనిపించే అక్షరాలు పది, `LEN` చూపేది పన్నెండు అయితే అనుమానించాల్సింది వీటినే. మామూలు ఖాళీలను కత్తిరించే ఆదేశం వీటిని తాకదు కాబట్టి విడిగా చెప్పాలి:

```
const clean = s => String(s || "")
  .replace(/[\s\u200B\u202A-\u202E]+/g, " ").trim();
const line = [title, dept].map(clean).filter(Boolean).join(", ");
```

శుభ్రం చేశాక ఏమీ మిగలని భాగాన్ని వదిలేసి, మిగిలినవాటి మధ్య మాత్రమే కామా పెడుతుంది. ఫోన్ వరసలకూ ఇదే పద్ధతి.

ఖాతాల్లోకి ఎక్కించడం

షీట్ నుంచి సంతకాలు తయారుచేసి, ఖాతాల సెట్టింగులను ప్రోగ్రాముతో మార్చనిచ్చే జీమెయిల్ ఏపీఐ ద్వారా అన్ని ఖాతాల్లోకి ఒకేసారి పంపాను. దీనికి అడ్మిన్ దగ్గర ఒక సర్వీస్ అకౌంటుకు డొమైను అంతటా అనుమతి ఇప్పించాలి. పరిధి `gmail.settings.basic` చాలు, ఉత్తరాలు చదివే అనుమతి అక్కర్లేదు. ముందు నా పరీక్ష ఖాతాకు, తరవాత నల్లగొండ ఆఫీసుకు, ఒక రోజు ఆగి మిగతావారికి పంపాను.

మర్నాడు అకౌంటెంటు గారు ఫోన్ చేసి, నా జవాబుల్లో ఇంకా జూనియర్ అనే వస్తోంది సార్ అన్నారు. ఏపీఐలో సంతకం గడి కొత్తగా రాసే ఈమెయిళ్ళకు మాత్రమే చేరుతుంది. జవాబులకు విడిగా పాత సంతకాన్ని ఎంచుకున్నవారి దగ్గర అది అలాగే మిగిలిపోయింది. నేను చదివి కూడా మరిచిన విషయం ఇది. సంస్థ ఉత్తరాల్లో చాలాభాగం జవాబులే కనుక, నా సవరణ బయటివారికి దాదాపుగా చేరనేలేదు. `See all settings` లోకి వెళ్ళి, పాత సంతకాలు చెరిపి, `On reply/forward use` దగ్గర కొత్తదాన్ని ఎంచుకోవడం ప్రతివారి చేతా కూర్చోబెట్టి చేయించాల్సి వచ్చింది. సేల్స్ వంటి ఉమ్మడి చిరునామా నుంచి కూడా పంపేవారికి, ఆ చిరునామాకు విడిగా మరో సంతకం ఉంటుంది. అది కూడా చూశాను.

ఫోన్లే అన్నిటికన్నా ఆలస్యమయ్యాయి. యాప్‌లోని మొబైల్ సంతకం వట్టి అక్షరాలే తీసుకుంటుంది, అడ్మిన్ చేతికి అందదు. మహబూబ్‌నగర్ డిపో వారికి వీడియో కాల్‌లో ఒక్కొక్కరితో ఆ గడిని ఖాళీ చేయించాను. ఇద్దరు ఫోన్‌లో జీమెయిల్ కాక వేరే యాప్ వాడుతున్నారు, ఆ యాప్ సొంత సంతకాన్ని కూడా వెతికి తీసేయాల్సి వచ్చింది.

ఇప్పటికే వెళ్ళిపోయిన ఉత్తరాల్లో పాత లింకులు అలాగే ఉన్నాయి, వాటిని ఎవరూ మార్చలేరు. అందుకని ఎగుమతి పత్రాలు చూసే ఉద్యోగిని పాత కొనుగోలుదారులు పదకొండు మందికి కొత్త సంతకంతో విడిగా ఉత్తరం రాసి, పాత ఈమెయిళ్ళలోని నంబరును తాకవద్దని కోరారు. మూడు నెలల తరవాత నేను మళ్ళీ అదే పద్ధతిలో మూడేసి ఉత్తరాలు తీసి చూశాను. 38 ఖాతాల్లో 37 సరిగ్గా ఉన్నాయి. మిగిలిన ఒకటి డిపోలో కొత్తగా చేరిన కుర్రాడిది. రిజిస్టరులో ఆయన పేరు ఎక్కేలోపే, ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత ఉత్తరం అడుగు నుంచి రంగు గీత ఉన్న సంతకాన్ని కాపీ చేసుకుని, పేరు మార్చుకున్నాడు. నంబరు మీద మౌసు పెట్టి చూశాను. ఆ నంబరు పక్క మిల్లు ఆయనదే.